వెల్, సో, ఎనీవే: ఫోన్లో మాట ఎటు తిరుగుతుందో చెప్పే చిన్న మాటలు

ప్రశ్న: గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో పనిచేస్తాను. విదేశీ కొనుగోలుదారులతో ఫోన్లో మాట్లాడేది నేనే. ఇంగ్లిష్ గ్రామర్ తప్పులు రావు. అయినా మా సార్ "మొహం మీద తలుపేసినట్టు మాట్లాడతావేంటి" అంటారు. ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా ఇద్దరం ఒకేసారి మాట్లాడేస్తాం, అంతా గందరగోళం. అవతలివాళ్లు మాటిమాటికీ వెల్, సో, ఎనీవే అంటుంటారు. నేనూ అవి కలుపుకుంటే సరిపోతుందా? ఎక్కడ కలపాలి?

సమాధానం:

కలుపుకుంటే సరిపోదండీ. ఎక్కడ పడితే అక్కడ కలిపితే ఇప్పటికంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ కాల్‌లో రెండు వేర్వేరు చోట్ల పుడుతున్నాయి. తలుపేసినట్టు వినపడేది అవతలివాళ్లకి నచ్చని జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు. అక్కడ పని వెల్‌ది. గందరగోళమయ్యేది ముగింపులో. అక్కడ పని ఎనీవేది. ఈ రెండింటి నడుమ సో తిరుగుతుంటుంది. ఆ చోట్లు సరిచేసుకుంటే మిగతా కాల్ అంతా మీరిప్పుడు మాట్లాడుతున్నట్టే మాట్లాడొచ్చు.

విజయవాడలో ఫోన్ మీద విదేశీ ఖాతాదారులతో మాట్లాడే ఉద్యోగులకి చాలా ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నాను. నా పనిలో సగం వాళ్ల రికార్డింగులు కూర్చుని వినడమే. మీలా గ్రామర్ గట్టిగా వచ్చినవాళ్ల కాల్స్‌లోనే ఈ సమస్య ఎక్కువగా వినపడుతుంది. బడిలో మనకి వాక్యం కట్టడం బాగా నేర్పారు. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ మధ్య ఏం జరుగుతుందో ఎవరూ నేర్పలేదు.

ఈ మాటలు తీసేసినా వాక్యంలో సమాచారం మారదు. "వెల్, లోడింగ్ 18న అవుతుంది" అన్నా, "లోడింగ్ 18న అవుతుంది" అన్నా తేదీ ఒకటే. మారేది వినేవాళ్ల సిద్ధపాటు. రాబోయే మాటని ఎలా తీసుకోవాలో వాళ్లకి ముందే అందుతుంది. డెబొరా షిఫ్రిన్ అనే భాషాశాస్త్రవేత్త ఫిలడెల్ఫియాలో మామూలు ఇళ్లలో సాగిన సంభాషణలు రికార్డు చేసి, వెల్, సో, ఓ, యూ నో లాంటి 11 మాటల్ని పట్టి చూసి 1987లో పుస్తకంగా తెచ్చారు. అప్పటిదాకా వీటిని నోట్లో ఊరికే దొర్లే ఊతపదాలుగా చూసినవాళ్లే ఎక్కువ. ఆవిడ చూపించింది ఏమిటంటే, వీటికి ఒక్కోదానికీ ఒక్కో చోటు ఉంది, ఒకదాని చోట ఇంకోటి పెడితే అతకదు.

ఇక మీ మొదటి ఇబ్బందికి వస్తాను. నేను విన్న కాల్స్‌లో తరచూ కనిపించే తీరునే మీ పనికి తగ్గట్టు ఒక కాల్‌గా కూర్చి చెప్తాను. కొనుగోలుదారు తేజ రకం ఒక కంటెయినర్ అడిగాడు. మీ దగ్గర సరుకు ఉంది, కోల్డ్ స్టోరేజీలోంచి తీయాలి. అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందో లేదో చెప్పే ల్యాబ్ రిపోర్టు 17న గానీ రాదు. అతను అడిగాడు:

"కెన్ యూ లోడ్ బై ద ఫిఫ్టీన్త్?"

"నో సర్. నాట్ పాసిబుల్."

గ్రామర్ తప్పు లేదు, అబద్ధం లేదు, సర్ కూడా ఉంది. అయినా అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత అతని గొంతు మారుతుంది. మీ సార్ చెప్తున్న తలుపు ఇదే.

జరిగిందేమిటో చూడండి. అతని ప్రశ్న ఉత్త ప్రశ్న కాదు, కోరిక. ఇలాంటి ప్రశ్నకి అవుననే జవాబు వెంటనే వస్తుంది. కాదనే జవాబు కాస్త ఆగి, ఏదో ఒక మాట ముందు పెట్టుకుని, కారణం చెప్పుకుంటూ, చివరికి వస్తుంది. సంభాషణల్ని రికార్డు చేసి పరిశీలించేవాళ్లు ఇంగ్లిష్‌లో ఈ తేడాని మళ్లీ మళ్లీ చూపించారు. కాదనడంలో ఆలస్యం ఒక భాగం, కారణం ఇంకో భాగం. వీటి ముందు నిలబడే మాట వెల్. మీ జవాబులో ఆలస్యం లేదు, వెల్ లేదు, కారణం లేదు. కాదు అన్న ఒక్క ముక్క, అదీ అవునన్నంత వేగంగా వచ్చేసింది. అందుకే అతనికి అది నిరాకరణలా కాక విసురులా వినపడింది.

ఆ ఆలస్యం ఉత్త మర్యాద అనుకోకండి. దానికి ఒక గట్టి ప్రయోజనం ఉంది, మన తెలుగులోనే చూడొచ్చు. పక్కింటావిడ వచ్చి "ఆదివారం మంగళగిరిలో మా గృహప్రవేశం, మీరు తప్పకుండా రావాలి" అంది. ఇవతలావిడ "అంటే వదినగారూ..." అని కాస్త లాగింది. ఇంకా ఏమీ చెప్పలేదు. రానని అనలేదు, కారణం చెప్పలేదు. కానీ అడిగినావిడకి అప్పటికే తెలిసిపోయింది. వెంటనే "పోనీలెండి, పొద్దున కుదరకపోతే మధ్యాహ్నం భోజనాలకైనా రండి" అంటుంది. చూశారా, కాదన్న మాట పుట్టకుండానే అడిగినావిడ తన కోరికని తనే తగ్గించుకుంది. ఇద్దరిలో ఎవరికీ చిన్నతనం లేదు. ఆ "అంటే" చేసిన పని అది: కాదనబోతున్నానని ముందే తెలియజేసి, అడిగినవాళ్లకి సర్దుకునే సందు ఇచ్చింది.

వెల్ సరిగ్గా ఆ సందే ఇస్తుంది. మీ జవాబు ఇలా ఉంటే సరి:

"వెల్... ద ల్యాబ్ రిపోర్ట్ కమ్స్ ఓన్లీ ఆన్ ద సెవెంటీన్త్. సో ద ఎర్లియెస్ట్ వి కెన్ లోడ్ ఈజ్ ద ఎయిటీన్త్."

ఇందులో నో అన్న మాటే లేదని గమనించండి. వెల్ అనగానే అతను 15 కుదరదని ఊహిస్తాడు. కారణం విన్నాక నమ్ముతాడు. 18 అనేసరికి కాదన్న సంగతి వెనక్కి పోయి, ముందు ఒక తేదీ నిలబడుతుంది. వెల్ తర్వాత ఒక్క క్షణం ఆగడం మర్చిపోకండి. చాలామంది కొనుగోలుదారులు ఆ క్షణంలోనే "ఆర్ ఎ ఫ్యూ డేస్ లేటర్ ఈజ్ ఫైన్" అని దారి ఇచ్చేస్తారు. మీరు గడగడా చెప్పుకుపోతే ఆ మాట అనే చోటు వాళ్లకి దొరకదు.

మనవాళ్లకి "నో సర్" ఎందుకు మర్యాదగా తోస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు మెలిక అక్కడే ఉంది. తెలుగులో "లేదండీ" అంటే చాలావరకు సరిపోతుంది. ఆ "అండీ" మాట చివర చేరి, కాదన్నదాన్ని మెత్తబరుస్తుంది. ఫోన్లో సర్ అన్నప్పుడు మన మనసులో ఆ అండీయే మెదులుతుంటుంది. కానీ ఇంగ్లిష్ వినేవాళ్లకి సర్ హోదా గుర్తు చేస్తుందే గానీ కాదన్నదాన్ని మెత్తబరచదు. ఒక్కోసారి కరకుగా కూడా ధ్వనిస్తుంది. మనం మాట చివర చేసే పనిని వాళ్లు మాట మొదట్లో చేస్తారు. కాబట్టి సర్‌లు ఎన్ని పెంచినా లాభం లేదు. సర్ తీసేసి వెల్, కారణం పెట్టండి.

వెల్ విషయంలో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. కంటెయినర్ నంబర్ ఎంత, ఇన్వాయిస్ పంపారా లాంటి సూటి ప్రశ్నలకి సూటిగానే చెప్పండి. ఎవరు, ఎప్పుడు, ఎంత లాంటి ప్రశ్నకి వెల్ అని మొదలుపెడితే, జవాబు సూటిగా ఉండదని వినేవాళ్లు సిద్ధపడతారు. "వెన్ డిడ్ యూ సెండ్ ద డాక్యుమెంట్స్?" అంటే "వెల్, యెస్టర్డే" అన్నారనుకోండి, నిన్న నిజంగానే పంపినా సరే, ఏదో దాస్తున్నారన్న అనుమానం వస్తుంది. రికార్డింగు వింటున్నప్పుడు దీన్ని ఇలా పట్టుకోవచ్చు: మీ జవాబు తర్వాత అతను అదే ప్రశ్నని ఇంకోలా అడిగితే, అనవసరమైన చోట వెల్ పడిందేమో వెనక్కి వెళ్లి చూడండి. ఇంకో సంగతి స్వరం. గొంతు పైకి లేపి "వెల్?" అంటే "ఊఁ, చెప్పవేం?" అని నిలదీసినట్టు అవుతుంది. గొంతు దించి, కాస్త సాగదీసి అనాలి.

ఇక సో. "కాబట్టి" అన్న అర్థంలో మీకు తెలిసిందే, పై వాక్యంలో వాడాం కూడా. మీకు తెలియాల్సినవి దాని ఇంకో రెండు పనులు.

ఒకటి, అసలు విషయం ఎత్తడం. కాల్ మొదట్లో వాతావరణం, పండగ, ప్రయాణం అంటూ కాసేపు సాగుతుంది. అక్కడి నుంచి పనిలోకి దిగడానికి "సో, అబౌట్ ద తేజ షిప్‌మెంట్" అంటారు. గలీనా బోల్డెన్ అనే పరిశోధకురాలు 2006లో దీన్ని ఓ అన్న మాటతో పోల్చి చూపించారు. అవతలివాళ్లకి సంబంధించిన కొత్త విషయాన్ని సో అని ఎత్తితే, దాన్ని అడగాలని ఎప్పటినుంచో మనసులో పెట్టుకున్నట్టు. ఓ అని ఎత్తితే అప్పుడే గుర్తొచ్చినట్టు. మన ఇంతకీకి, అన్నట్టుకి ఉన్న తేడా చాలావరకు ఇదే. "ఇంతకీ అమ్మాయి సంబంధం ఏమైంది?" అంటే ఆ సంగతి కోసమే ఎదురుచూస్తున్నారని అర్థం. "అన్నట్టు, అమ్మాయి సంబంధం ఏమైంది?" అంటే మాటల్లో తట్టింది. కొనుగోలుదారు భార్యకి ఒంట్లో బాగాలేదని పోయినసారి చెప్పాడనుకోండి. ఈసారి "సో, హౌ ఈజ్ యువర్ వైఫ్ నౌ?" అని అడిగితే మీరు దాన్ని గుర్తుపెట్టుకున్నారని తెలుస్తుంది. "ఓ, హౌ ఈజ్ యువర్ వైఫ్?" అంటే ఆ బరువు ఉండదు. అలాగే పని మొదలుపెట్టేటప్పుడు "ఓ, అబౌట్ ద షిప్‌మెంట్" అనకండి. అతని కంటెయినర్ మీకు ఇప్పుడే గుర్తొచ్చినట్టు ఉంటుంది.

రెండోది దీనికంటే ముఖ్యం, మనవాళ్లు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. ఒంటరి సో. కొనుగోలుదారు ఇలా అంటాడు:

"ద కలర్ ఈజ్ లోయర్ దేన్ ద శాంపిల్, సో..."

అని ఆగిపోతాడు. మనవాళ్లు మిగతా వాక్యం వస్తుందని చూస్తారు. లేదా "ఎస్ సర్" అంటారు. ఆ వాక్యం రాదు. ఎందుకంటే అతని వంతు అయిపోయింది, ఇక మాట్లాడాల్సింది మీరు. జెఫ్రీ రేమండ్ 2004లో ఈ ఒంటరి సో మీదే పరిశోధన పత్రం రాశారు. ఇలా సో అని వదిలేయడం, "దీని పర్యవసానం నీకు తెలుసు, నువ్వు చేయాల్సింది చెయ్యి" అని అవతలివాళ్లని ముందుకి తోయడం. ఇక్కడ అతను ధర తగ్గించమనలేదు, సరుకు మార్చమనలేదు. అది మీ నోటి నుంచి రావాలని సందు వదిలాడు.

మన మిర్చి యార్డులో మీరు రోజూ వినేదే ఇది. కమీషన్ ఏజెంటు టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి, విరిచి చూసి, "తేమ ఉందయ్యా, మరి..." అని ఆగుతాడు. రైతు ఇంకేం చెప్తాడా అని ఎదురుచూడడు. బేరం ధర దగ్గరికి వచ్చిందని అర్థమైపోయి, "ఎంతకి చూస్తారు?" అని తనే అంటాడు. ఫోన్లో మీరు చేయాల్సింది అదే. "సో..." అని వినపడి, గొంతు కిందికి జారి, నిశ్శబ్దం వచ్చిందంటే వెంటనే అందుకోండి: "ఐ అండర్‌స్టాండ్. లెట్ మీ చెక్ ద లాట్ అండ్ కమ్ బ్యాక్ టు యూ విత్ ఎ రివైజ్డ్ ప్రైస్ టుమారో." ధర తగ్గించే అధికారం మీకు లేకపోతే, ఎప్పటికల్లా ఏం చెప్తారో అదైనా చెప్పండి. ఊరుకుంటే అతను అదే ఫిర్యాదుని ఈసారి గట్టిగా, సో లేకుండా చెప్తాడు. ఒకే ఫిర్యాదు రెండుసార్లు, రెండోసారి పెద్ద గొంతుతో వినపడిందంటే మొదటిసారి చివర్లో ఒక సో జారిపోయి ఉంటుంది. రికార్డింగు వెనక్కి తిప్పి చూడండి, చాలాసార్లు దొరుకుతుంది.

ఇప్పుడు ఎనీవే. దీనికి రెండు ముఖ్యమైన పనులు. మాట పక్కదారి పడితే అసలు దారికి తీసుకురావడం ఒకటి. కాల్‌ని ముగింపు వైపు తిప్పడం ఇంకోటి. మొదటిది సులువు. "ఓడల ఆలస్యం గురించి చెప్పుకుంటూ ఎక్కడికో పోయాం, ఎనీవే, ద సెకండ్ కంటెయినర్..." అంటూ సాగుతుంది. మన సరేగానీ, ఏదైతేనేం లాంటి మాటలు చేసే పనే.

రెండో దాని దగ్గరే మీ గందరగోళం. ఇమాన్యుయేల్ షెగ్లాఫ్, హార్వీ శాక్స్ 1973లో ఫోన్ కాల్స్ ముగింపు మీద ఒక పత్రం రాశారు. వాళ్లు అడిగిన ప్రశ్న చూడ్డానికి చిన్నది: ఇద్దరూ ఒకేసారి, ఎవరూ ఎవరి మాటనీ కోయకుండా, మాట్లాడడం ఎలా ఆపగలుగుతున్నారు? వాళ్లు చూపించింది ఏమిటంటే, బై అనడానికి ముందు ఒక మెట్టు ఉంది. ఒకరు "వెల్...", "ఓకే...", "సో..." అని గొంతు దించి అంటారు, ఆ తర్వాత ఏమీ అనరు. ఆ ఒక్క మాటతో తన వంతు వాడేసి, "నా దగ్గర కొత్త సంగతేం లేదు, నీ దగ్గర ఉంటే చెప్పు" అని అవతలికి అప్పజెబుతారు. అవతలివాళ్ల దగ్గరా ఏమీ లేకపోతే వాళ్లూ అలాంటి ఒక చిన్న మాటే అంటారు. ఇద్దరూ ఇలా వంతు వదిలేశాక గానీ బై రాదు. ఎనీవే కూడా ఇదే మెట్టు మీద వాడతారు.

మీ కాల్‌లో అది ఇలా ఉంటుంది, మొదటి మాట కొనుగోలుదారుది:

"ఎనీవే..."

"ఆల్ రైట్."

"సో యూ విల్ సెండ్ ద రిపోర్ట్ ఆన్ ద సెవెంటీన్త్."

"ఎస్, ఐ విల్ ఈమెయిల్ ఇట్ బై ఈవినింగ్."

"గుడ్. థాంక్స్."

"థాంక్యూ. బై."

"బై."

మూడో మాట చూడండి. ముగింపుకి ఒప్పుకున్నాక, అప్పటికే తేలిన పనిని ఒకసారి తిరగేసి చెప్పుకోవడం ఇక్కడి పద్ధతి. అది కొత్త విషయం కాదు, కాబట్టి మళ్లీ వివరించకండి. మనవాళ్లు ఇక్కడ ల్యాబ్ ఎందుకు ఆలస్యమో మొదటి నుంచి చెప్పుకొస్తారు. అతను అప్పటికే ఫోన్ పెట్టేసే మూడ్‌లో ఉంటాడు.

మీ గందరగోళం ఎక్కడ పుడుతుందో నా ఊహ చెప్తాను, రికార్డింగుతో సరిచూసుకోండి. అతను "ఎనీవే..." అన్నాడు. మీరు వాక్యం వస్తుందని ఎదురుచూశారు. రాలేదు. ఫోన్లో నిశ్శబ్దం మనకి భయం కాబట్టి ఏదో కొత్త సంగతి ఎత్తారు, ప్యాకింగో, వచ్చే సీజన్ ధరలో. అదే క్షణంలో అతను "ఓకే, థాంక్స్" మొదలుపెట్టాడు. ఇద్దరి మాటలూ గుద్దుకున్నాయి. మర్యాదకి ఇద్దరూ ఆగారు. మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు.

తెలుగులో మీకిది ఎప్పుడూ జరగదు. "సరేనండీ మరి" అని ఒకరు అంటారు. "ఆఁ, సరేనండీ" అని ఇంకొకరు. "ఉంటానండీ" "ఉంటాను". ఆ మొదటి "సరేనండీ మరి" విన్నాక ఏ తెలుగువాడూ ఏదో వాక్యం వస్తుందని ఎదురుచూడడు. ఇంకో మాట కూడా గుర్తు చేసుకోండి. "ఇంకేంటండీ సంగతులు?" అని మొదటిసారి అడిగితే నిజంగా సంగతుల కోసమే. జవాబయ్యాక రెండోసారి "ఊఁ, ఇంకేంటి మరి?" అన్నారంటే సంగతులు అయిపోయాయని అర్థం. దానికి కొత్త కథ మొదలుపెట్టేవాళ్లని మనమే "వదలడు బాబూ" అంటాం. కొనుగోలుదారు ఎనీవే అన్నాక మీరు ప్యాకింగ్ సంగతి ఎత్తితే అతనికీ అలాగే ఉంటుంది.

అయితే నిజంగా చెప్పాల్సింది మిగిలిపోతే? ఆ మెట్టు ఉన్నదే అందుకు. వెంటనే, ఆల్ రైట్ అనకముందే, "జస్ట్ వన్ మోర్ థింగ్" అని చెప్పి ఒక్క సంగతి చెప్పండి. అది అయ్యాక ముగింపు మళ్లీ మొదటి నుంచి వస్తుంది. ఈసారి ఎనీవే అనే బాధ్యత మీదే, ఎందుకంటే కాల్‌ని మళ్లీ తెరిచింది మీరు.

ఎనీవే విన్నప్పుడు రెండు పనుల్లో ఏదో ఎలా తెలుసుకోవాలంటే, దాని తర్వాత ఏముందో వినండి. ఆగకుండా పాత విషయంలోకి వెళ్తే అది వెనక్కి రావడం. గొంతు దిగి, సాగి, ఆగితే ముగింపు. ఇంకో ఎనీవే వాక్యం చివర వస్తుంది: "వి విల్ లోడ్ ఇట్ ఎనీవే." అది ఈ కోవలోదే కాదు. "ఏమైనా సరే లోడ్ చేస్తాం" అని అర్థం. మనకి మాట చివర "మరి", "కదా", "అన్నమాట" పెట్టే అలవాటు కాబట్టి, మెత్తగా ఉంటుందని ఎనీవేని కూడా చివరికి తోసేవాళ్లని చూశాను. అప్పుడు అర్థమే మారిపోతుంది. కొనుగోలుదారు "ద రిపోర్ట్ ఈజ్ నాట్ రెడీ" అన్నప్పుడు మీరు చివర ఎనీవే పెట్టి లోడ్ చేస్తామన్నారంటే, రిపోర్టు లేకుండానే పంపేస్తామని అర్థమవుతుంది. మీ వ్యాపారంలో అది చిన్న పొరపాటు కాదు.

ఎనీవేతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. అతను నష్టం గురించో, ఇంట్లో కష్టం గురించో చెప్తుంటే, ఆ మాట పూర్తి కాగానే ఎనీవే అనకండి. అంతవరకు చెప్పింది పక్కదారి అని ఆ మాట ప్రకటిస్తుంది. అతనికి అది అసలు విషయం. ముందు ఆ సంగతికి తగిన మాట అనండి, అతను తనంతట తాను దాన్ని వదిలే వరకూ ఆగండి. తన కష్టానికి తనే ఎనీవే అంటే ఇబ్బంది లేదు, ఇంకొకరి కష్టానికి మీరు అంటేనే గాయం.

సాధన ఎలాగంటే, మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం మీ కాల్స్‌లో ఆఖరి నిమిషం మాత్రమే వినండి, అవకాశం ఉంటే మాట మాటా కాగితం మీద రాయండి. నిశ్శబ్దాలు, గుద్దుకున్న మాటలు కూడా రాయాలి. అవతలి మనిషి ఎక్కడ ముగింపు మెట్టు ఎక్కాడో గుర్తు పెట్టండి, మీరు ఆ తర్వాత ఏమన్నారో చూడండి. అది కుదిరాక, కాదనాల్సి వచ్చిన చోట్లు వినండి. వినడం అలవాటవకముందే వాడడం మొదలుపెడితే ప్రతి వాక్యం ముందూ సో వచ్చి కూర్చుంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇది ఉంది. ప్రతి వాక్యమూ దేనికో పర్యవసానమన్నట్టు వినపడి, నిజంగా పర్యవసానం వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోరు. యాక్చువల్లీ అలవాటు ఇంకా చేటు. "నువ్వనుకున్నది కాదు" అని అది చాలాసార్లు అవతలివాళ్లని దిద్దుతుంది. మీ కాల్స్‌లో అది ఉంటే ముందు దాన్ని తీసేయండి.

చివరగా ఒక పరిమితి. నేను చెప్పినదంతా ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నవాళ్లతోనూ, దాన్ని అంత ధారాళంగా మాట్లాడేవాళ్లతోనూ పనిచేస్తుంది. గుంటూరు మిర్చి చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్, శ్రీలంక కూడా వెళ్తుంది కదా. అక్కడివాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ మనలాగే నేర్చుకున్న భాష, మాటల మధ్య గుర్తులు వాళ్ల సొంత భాషవి. మీరు వెల్ అని ఆగితే, వాళ్లకి అది లైన్ తెగినట్టు ఉండొచ్చు. వాళ్లు సో అని ఆగితే, అది నిజంగానే మాట కోసం వెతుక్కోవడం కావచ్చు. అలాంటివాళ్లతో కారణం ముందు, తేదీ తర్వాత అన్న వరుస అలాగే ఉంచండి, అది ఎవరికైనా అందుతుంది. ముగింపులో మాత్రం ఎనీవే మీద ఆధారపడకుండా "ఈజ్ దేర్ ఎనీథింగ్ ఎల్స్ ఫర్ టుడే?" అని పూర్తి వాక్యంలోనే అడిగేయండి.